దొరికితే ఎంత, దొరక్కపోతే ఎంత: పన్ను ఎగవేత లెక్క

బరంపురం బడా బజారు వైపు ఏ హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లినా, సరుకు కట్టించాక యజమాని ఒక ప్రశ్న వేస్తాడు: "మాస్టారూ, పక్కా బిల్లు కావాలా, చిట్టీ రాసిచ్చేయమంటారా?" పక్కా బిల్లయితే ధర మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుతుంది, చిట్టీ అయితే ఆ సొమ్ములో కొంత కొనేవాడికి మిగులుతుంది, కొంత అమ్మేవాడికి మిగులుతుంది. ఇరవయ్యేళ్లుగా ఇటువంటి దుకాణాల లెక్కలు రాస్తున్న నాకు ఈ ప్రశ్నలో ఒక సంగతి ఆసక్తిగా కనిపిస్తుంది. యజమాని దాన్ని అందరినీ ఒకేలా అడగడు. కాంట్రాక్టరును అసలు అడగడు, నేరుగా బిల్లు పుస్తకం తీస్తాడు. ఇల్లు కట్టుకుంటున్న బడి పంతులును మాత్రం తప్పకుండా అడుగుతాడు. ఈ తేడా ఎందుకో తెలియాలంటే, పన్ను ఎగవేతను అర్థశాస్త్రం ఎలా లెక్క కడుతుందో, ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడాలి.

ఈ లెక్కకు మూలం 1968లో గ్యారీ బెకర్ నేరాలకూ శిక్షలకూ ఇచ్చిన ఆర్థిక విశ్లేషణ. దాన్ని పన్నులకు వర్తింపజేసి 1972లో మైకేల్ ఆలింగ్‌హామ్, ఆగ్నార్ సాండ్‌మో ఒక నమూనా కట్టారు. అందులో పన్ను చెల్లించే మనిషి నీతిమంతుడూ కాడు, దుర్మార్గుడూ కాడు, పందెం కాసేవాడు. అతడు దాచిన ఆదాయం బయటపడకపోతే పన్ను మిగులుతుంది, బయటపడితే పన్నుతో పాటు జరిమానా కూడా పోతుంది. ఏ మేరకు దాచాలన్నది ఈ రెండు ఫలితాలనూ వాటి అవకాశాలతో తూచి నిర్ణయించుకుంటాడు.

ఒక రూపాయి పన్నుతోనే మొదలుపెడదాం. పట్టుబడే అవకాశాన్ని p అనీ, ఎగ్గొట్టిన పన్నుకు జరిమానా ఎన్ని రెట్లో దాన్ని f అనీ అనుకుందాం. పట్టుబడకపోతే రూపాయి లాభం. పట్టుబడితే ఆ రూపాయి ఎలాగూ కట్టాలి, పైన f రూపాయల నష్టం. రెండూ కలిపి చూస్తే ఎగ్గొట్టిన ప్రతి రూపాయి మీద సగటున మిగిలేది 1 − p(1 + f). ఇది సున్నా కంటే ఎక్కువ ఉన్నంతసేపూ ఎగవేత గిట్టుబాటయ్యే పందెమే. అంటే p విలువ 1/(1 + f) కంటే తక్కువగా ఉంటే చాలు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2017-18 మదింపు సంవత్సరం నుంచి అమలైన 270ఎ సెక్షన్ ప్రకారం, ఆదాయం తక్కువ చూపితే ఆ మేరకు పడే పన్నులో 50 శాతం, తప్పుడు లెక్కలతో తక్కువ చూపితే 200 శాతం జరిమానా. 200 శాతం దగ్గర గీత మూడో వంతు వద్ద పడుతుంది. మూడు సార్లలో ఒకసారైనా దొరుకుతానన్న నమ్మకం ఉంటేనే ఈ జరిమానా మనిషిని పూర్తిగా ఆపుతుంది. 50 శాతం జరిమానా అయితే మూడు సార్లలో రెండు సార్లు దొరకాలి. చెవికి కఠినంగా వినిపించే జరిమానా కూడా లెక్కలోకి దిగేసరికి ఇంత అవకాశాన్ని తోడు అడుగుతుందన్నది చాలామందికి తట్టదు.

సగటు లాభం ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నదంతా పందెం కాయడు. నష్టం వస్తుందన్న భయం లాభం ఇచ్చే సంతోషం కంటే బలంగా పనిచేస్తుంది. డబ్బు పెరిగేకొద్దీ దాని వల్ల కలిగే తృప్తి ఎలా మారుతుందో చూపే ఉపయోగిత అనే వక్రరేఖలో నమూనా ఈ భయాన్ని ఇముడుస్తుంది. అన్నిటికంటే తేలికైన వక్రరేఖను, అంటే లాగరిథమ్ రూపాన్ని తీసుకుంటే జవాబు ఒక చిన్న సూత్రంగా తేలుతుంది:

```
e = Y × (1 − p(1 + f)) / f
```

ఇక్కడ Y అంటే నిజాయితీగా పన్ను కట్టాక చేతిలో మిగిలే ఆదాయం, e అంటే అతడు ఎగ్గొట్టాలనుకునే పన్ను.

మన హార్డ్‌వేర్ యజమానికి ఏడాదికి 20 లక్షల నిజమైన లాభం ఉందనుకుందాం. స్లాబులు పక్కన పెట్టి పన్నును నేరుగా 20 శాతంగా తీసుకుందాం. నిజాయితీగా కడితే పన్ను 4 లక్షలు, మిగిలేది 16 లక్షలు. జరిమానా 200 శాతం. పట్టుబడే అవకాశం 30 శాతమైతే సూత్రం ప్రకారం అతడు ఎగ్గొట్టే పన్ను 80 వేలు, అంటే 4 లక్షల ఆదాయం దాస్తాడు. అవకాశం 25 శాతానికి పడితే ఎగవేత 2 లక్షలకు పెరిగి, దాచిన ఆదాయం 10 లక్షలవుతుంది, సగానికి సగం. 5 శాతానికి దిగితే సూత్రం 6 లక్షల 80 వేలు ఎగ్గొట్టమంటుంది. కట్టాల్సిన మొత్తం పన్నే 4 లక్షలు కనుక అతడు ఒక్క రూపాయి కూడా చూపడన్నమాట. అవకాశం కొద్దిగా జారినా ఎగవేత ఎంత జోరుగా పెరుగుతుందో గమనించండి. మూడో వంతు దగ్గర సున్నా, పావు దగ్గర సగం, అక్కడి నుంచి మరికొంచెం కిందికి దిగితే అంతా.

ఇదే సూత్రం మరో వింత కూడా చెబుతుంది. పన్ను రేటు పెంచితే ఎగవేత పెరుగుతుందని మా బజారులో అందరూ ఒప్పుకునే మాట, పత్రికలు కూడా రాసే మాట. పావు వంతు అవకాశం దగ్గరే నిలబడి రేటును 30 శాతానికి పెంచి చూడండి. నిజాయితీగా మిగిలేది 14 లక్షలకు తగ్గుతుంది. ఎగ్గొట్టే పన్ను లక్షా 75 వేలవుతుంది. దాచిన ఆదాయం 10 లక్షల నుంచి సుమారు 5 లక్షల 83 వేలకు పడిపోతుంది. రేటు పెరిగితే దాచడం తగ్గింది! 1974లో ష్లోమో ఇట్జాకీ చూపించింది ఇదే. ఆలింగ్‌హామ్, సాండ్‌మోల తొలి నమూనాలో జరిమానా దాచిన ఆదాయం మీద పడేది. అక్కడ పన్ను రేటు పెరిగితే ఎగవేత లాభం పెరుగుతుంది గాని జరిమానా పెరగదు. అందుకే ఒక పక్క ఆశ, మరో పక్క పేదరికం తెచ్చే జాగ్రత్త ఒకదాన్నొకటి లాగి, జవాబు ఎటూ తేలకుండా పోయేది. భారతదేశంతో సహా చాలా దేశాల్లో జరిమానా ఎగ్గొట్టిన పన్ను మీద లెక్క కడతారు. అప్పుడు రేటు పెరిగితే లాభమూ జరిమానా ఒకే పాళ్లలో పెరుగుతాయి, ఆశకు కొత్త బలం రాదు. మనిషి కాస్త పేదవాడవడంతో జాగ్రత్త ఒక్కటే మిగులుతుంది. తర్కంలో దోషం లేదు. కానీ దుకాణాల పుస్తకాలు చూసిన ఎవరికీ ఇది మింగుడుపడదు, నాకూ పడదు. లోపం తర్కంలో లేకపోతే ఎక్కడో ఊహలో ఉండాలి.

ఆ ఊహ p గురించినది. నమూనా p ని ఒక లాటరీలా చూస్తుంది: అధికారి కళ్లు మూసుకుని చీటీ తీస్తాడు, నీ పేరు వస్తే దొరికావు. నిజంగా అలాగే అయితే దేశంలో పన్ను కట్టేవాడే మిగలకూడదు. 2018-19 మదింపు సంవత్సరానికి దాఖలైన ఆదాయపు పన్ను రిటర్నుల్లో స్క్రూటినీకి, అంటే అధికారి లోతుగా పరిశీలించడానికి ఎంపికైనవి 0.25 శాతమని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ చెప్పింది. నాలుగు వందలలో ఒకటి. మూడో వంతు గీత ఎక్కడ, నాలుగు వందలో వంతు ఎక్కడ! పైగా ఎంపికవడం అంటే దొరకడం కాదు. ఎంపికయ్యాక అధికారికి దాచినది కనబడాలి, కనబడ్డాక అప్పీలులో ఆ జరిమానా నిలబడాలి. ఉదాహరణకు ఎంపిక పదింట ఒకటి, కనిపెట్టడం పదింట ఆరు, అప్పీలు దాటడం సగం అనుకుంటే, మూడూ గుణిస్తే వచ్చేది 3 శాతమే. నమూనాలో రాయాల్సిన p ఇదే గాని స్క్రూటినీ శాతం కాదు. వ్యాపారి భాషలో దీన్ని "నోటీసు వస్తే చూసుకుందాం" అంటారు. ఆ మాటలో మొండితనమే కాదు, అంకగణితం కూడా ఉంది.

ఇక్కడ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1995లో జరిగిన ప్రయోగాన్ని తలచుకోవాలి. యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొందరికి, ఈసారి మీ రిటర్నులను నిశితంగా పరిశీలిస్తామని ముందే ఉత్తరం పంపారు. చిన్న, మధ్యతరగతి ఆదాయాల వారు మునుపటి కంటే ఎక్కువ చూపారు. పై ఆదాయాల వారు మాత్రం ఉత్తరం అందని తమ తోటివారి కంటే తక్కువ చూపారు. ఆడిట్‌ను వారు చివరి తీర్పుగా కాక బేరానికి మొదటి మాటగా తీసుకున్నారన్నది పరిశోధకులు ఇచ్చిన వివరణల్లో ఒకటి. తక్కువ దగ్గర మొదలుపెడితే తక్కువ దగ్గరే తెగుతుంది. మంచి ఆడిటర్‌ను పెట్టుకోగల మనిషికీ, పెట్టుకోలేని మనిషికీ ఒకే p ఉంటుందనుకోవడం ఊహలోని మొదటి లోపం.

రెండో లోపం ఇంకా పెద్దది. p ఒక్కో మనిషికే కాదు, ఆ మనిషి సంపాదించే ఒక్కో రూపాయికీ వేరు. దీన్ని స్పష్టంగా చూపింది డెన్మార్క్‌లో 40 వేలకు పైగా పన్ను చెల్లింపుదారుల మీద జరిగి 2011లో అచ్చయిన అధ్యయనం. హెన్రిక్ క్లెవెన్, ఇమ్మాన్యుయేల్ సాయెజ్ తదితరులు పన్ను శాఖతో కలిసి కొందరి రిటర్నులను సమూలంగా ఆడిట్ చేయించారు. జీతాలు, బ్యాంకు వడ్డీల వంటి, యజమానో బ్యాంకో ముందే శాఖకు తెలియజేసే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా. మనిషి స్వయంగా చెప్పుకుంటే తప్ప తెలియని నికర ఆదాయంలో ఎగవేత సుమారు 40 శాతం. మనుషులూ వారే, దేశమూ అదే, జరిమానా కూడా అదే. మారింది ఒక్కటే, ఆ రూపాయి గురించి మూడో మనిషి ముందుగా ఏదైనా రాశాడా లేదా అన్నది.

ఈ వెలుగులో మన పంతులును, హార్డ్‌వేర్ యజమానిని పక్కపక్కన నిలబెట్టండి. పంతులు జీతంలోంచి పన్ను కట్ అయ్యాకే అతని చేతికి వస్తుంది. ఎంత వచ్చిందో, ఎంత కట్ అయ్యిందో శాఖ కంప్యూటర్‌లో ఫారం 26ఏఎస్ కింద ముందే ఉంటుంది. అతడు జీతం లక్ష తక్కువ రాస్తే ఏ అధికారీ చీటీ తీయనక్కరలేదు, రెండు అంకెలు పొసగవు, యంత్రమే నోటీసు పంపుతుంది. స్క్రూటినీ నాలుగు వందల్లో ఒకటే అయినా అతని జీతం విషయంలో p దాదాపు 1. నమూనా ఇతడు ఎగ్గొట్టడని చెబుతుంది, నిజంగానే ఎగ్గొట్టడు. నిజాయితీపరుడు కావచ్చు, కాకపోవచ్చు. ఈ సాక్ష్యం నుంచి అది తేలదు. ఆ పంతులే సాయంత్రం ట్యూషన్లు చెబితే ఆ ఫీజులను రిటర్నులో చూపుతున్నాడా లేదా అన్నది అసలు పరీక్ష.

యజమాని విషయానికొస్తే, అతని ముందు రోజూ వచ్చే రూపాయలు మూడు రకాలు. మొదటి రకం కాంట్రాక్టరుది. అతడు తాను కట్టిన జీఎస్టీని తన పన్నులోంచి తగ్గించుకోవాలి, అందుకు పక్కా బిల్లు కావాలి. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవాడు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు చూపితేనే కొన్నవాడికి ఆ తగ్గింపు దక్కుతుంది. అది కొన్నవాడికి వచ్చే జీఎస్టీఆర్-2బీ అనే పట్టికలో కనిపిస్తుంది. చూపకపోతే మొదట ఫోన్ చేసేది అధికారి కాదు, కాంట్రాక్టరే. కొనేవాడి స్వార్థమే ఇక్కడ ఇన్‌స్పెక్టరు. అందుకే అతన్ని ఆ ప్రశ్న అడగరు. గొలుసులో ఒకరి బిల్లు మరొకరికి డబ్బు కావడం వల్ల ఈ పన్ను తనను తాను కాపలా కాస్తుందని అర్థశాస్త్రవేత్తలు అంటారు. ఆ కాపలా ఆఖరి కొనుగోలుదారు దగ్గర ఆగిపోతుంది.

ఆఖరి కొనుగోలుదారే రెండో రకం, మన పంతులు. అతనికి బిల్లుతో తగ్గించుకోవాల్సిన పన్ను ఏదీ లేదు. పదివేల రూపాయల రంగు డబ్బాల మీద 1,800 పన్ను పడుతుంది. చిట్టీ మీద 10,800కు ఇస్తానంటే పంతులుకు వెయ్యి మిగులుతుంది, యజమానికి ఎనిమిది వందలు మిగులుతాయి. ఇక్కడ ఎగవేత ఒకరి నిర్ణయం కాదు, ఇద్దరి ఒప్పందం. రంగు డబ్బా పాడైతే కంపెనీ వారంటీ అడగడానికి బిల్లు ఉండదన్న భయం తప్ప పంతులును ఆపేది ఏమీ లేదు. ఆలింగ్‌హామ్, సాండ్‌మోల మనిషి ఒంటరి. మన బజారులో అతనికి ఎదురుగా మరో మనిషి ఉంటాడు, ఆ మనిషికి బిల్లు వల్ల ఏం కలిసివస్తుందన్నదే p ని నిర్ణయిస్తుంది.

అయితే చిట్టీ అమ్మకం అంత తేలికగా మాయం కాదు. యజమాని ఆ సరుకును పక్కా బిల్లు మీద కొన్నాడనుకోండి. వంద డబ్బాలు బిల్లుతో వచ్చాయి, అరవైకి బిల్లు కోశాడు, అరలో ఐదు ఉన్నాయి. మిగతా ముప్పై ఐదు కాగితం మీద ఉన్నాయి గాని దుకాణంలో లేవు. తనిఖీకి వచ్చిన అధికారి డబ్బాలు లెక్కపెడితే చాలు, ఇక వాదన ఉండదు. ఇలాంటి తేడాను సర్దడానికి ఏడాది చివర్లో "సరుకు పాడైంది" అని రాయమని ఒక యజమాని నన్ను అడిగాడు. ముప్పై ఐదు డబ్బాలు ఒకేసారి ఎలా పాడయ్యాయో తనకూ చెప్పడం రాక, చివరికి పన్ను కట్టాడు. చిట్టీ మీద ఎడతెగకుండా అమ్మాలంటే చిట్టీ మీదే కొనాలి. అంటే అతనికి అమ్మే హోల్‌సేల్ వ్యాపారి కూడా చిట్టీలోకి దిగాలి. నిజాయితీ గొలుసు మీదుగా పాకినట్టే దొంగలెక్క కూడా పాకుతుంది.

మా సరిహద్దులో ఈ పాకడానికి ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. జీఎస్టీకి ముందు ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే గిరిసోల చెక్ గేటు దగ్గర లారీలు బారులు తీరి నిలబడేవి. ఒక్క చోట, ఒక్క గేటు, దాని దగ్గర p ఎంతో డ్రైవర్లకు కూడా తెలుసు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల మధ్య పన్ను గేట్లు పోయాయి, 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే 50 వేల రూపాయలకు మించిన సరుకుకు, రవాణా వివరాలు ముందే నమోదు చేసే ఈ-వే బిల్లు వచ్చింది. తనిఖీ గేటు నుంచి కాగితంలోకి, అక్కడి నుంచి రోడ్డు మీద ఎక్కడైనా ఆపగల మొబైల్ స్క్వాడ్ చేతిలోకి మారింది. నమూనా దీని ఫలితాన్ని సరిగ్గానే ఊహిస్తుంది. యాభై వేల గీతకు పైన p హఠాత్తుగా పెరుగుతుంది కనుక, దాచదలచినవారి సరుకు ఆ గీతకు కిందే గుమిగూడాలి. నలభై ఎనిమిది వేల, నలభై తొమ్మిది వేల బిల్లులు ఒకే రోజు ఒకే పేరు మీద నాలుగు కనిపిస్తే అనుభవం ఉన్న అధికారికి వేరే ఆధారం అక్కరలేదు.

గీత దగ్గర గుమిగూడడం అన్న ఈ ఊహ ఆదాయపు పన్నులో మరింత తేటగా కనిపిస్తుంది. 1985లో జెన్నిఫర్ రైన్‌గనమ్, లూయీ వైల్డ్ ఒక ప్రశ్న వేశారు: చీటీలు తీయడం మానేసి, ఒక అంకె కంటే తక్కువ చూపినవారిని మాత్రమే ఆడిట్ చేస్తామని శాఖ ముందే చెబితే ఏమవుతుంది? అంతకంటే ఎక్కువ సంపాదించినవారంతా సరిగ్గా ఆ అంకే చూపుతారు, మిగిలినది దాస్తారు. అంతకంటే తక్కువ సంపాదించినవారు నిజం చెబుతారు. పన్ను శాఖకు ఇది చౌక, కానీ భారం కింది వారి మీద పడుతుంది. మన చట్టంలో చిన్న వ్యాపారులకు ఉన్న 44ఏడీ పద్ధతిని దీనితో పోల్చి చూడండి (కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, నేను పాత నంబరే వాడుతున్నాను). రెండు కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారు అందులో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో 6 శాతాన్ని లాభంగా చూపితే పుస్తకాలు అడగరు. ఆ పద్ధతిలో చేరాక అంతకంటే తక్కువ చూపదలిస్తే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలి. జూలై నెలలో నా బల్ల ముందు కూర్చున్నవారు లాభం ఎంతని చెప్పరు, "ఎనిమిది వేసేయండి" అంటారు. రెండు కోట్ల మీద ఎనిమిది అంటే 16 లక్షలు; నిజానికి 20 లక్షలు సంపాదించినవాడూ అదే రాయిస్తాడు. పది లక్షలే సంపాదించినవాడు మాత్రం ఆడిట్ ఖర్చు భరించాలా, లేని ఆరు లక్షల మీద పన్ను కట్టాలా అని తల పట్టుకుంటాడు.

మూడో రకం రూపాయి యూపీఐ మీద వచ్చేది. బిల్లు లేకపోయినా దీనికి బ్యాంకులో జాడ ఉంటుంది, కనుక చిట్టీ అమ్మకానికీ కాంట్రాక్టరు అమ్మకానికీ మధ్య ఎక్కడో నిలుస్తుంది. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ రాబడుల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లినప్పుడు, బెంగళూరులో కొన్ని దుకాణాల ముందు క్యూఆర్ కోడ్ తీసేసి నగదు మాత్రమే అని రాసిపెట్టారు. ఒక రకం రూపాయికి p పెరిగితే అమ్మకం p తక్కువ ఉన్న రకంలోకి జారుతుంది. ఎగవేత ఎంత తగ్గిందన్నది యూపీఐ లెక్కల్లో మాత్రమే చూస్తే తప్పు జవాబు వస్తుంది. నగదు వైపు ఎంత పెరిగిందో కూడా చూడాలి.

ఇట్జాకీ వింతకు కూడా జవాబు ఇక్కడే దొరుకుతుందని నా అభిప్రాయం. అతని లెక్కలో యజమాని ఒంటరిగా ఎంత దాచాలో నిర్ణయించుకుంటాడు, p కదలదు. మా బజారులో రేటు పెరిగితే పంతులుకూ యజమానికీ పంచుకోవడానికి ఎక్కువ సొమ్ము ఉంటుంది. పన్ను 5 శాతమైతే పదివేల సరుకు మీద పంచుకునేది ఐదు వందలే, దాని కోసం వారంటీ ఎవరు వదులుకుంటారు? 18 శాతమైతే 1,800. బిల్లు వద్దనే చేతులు పెరుగుతాయి. బిల్లు వద్దనే ప్రతి చేతితో సాక్ష్యం ఒకటి తగ్గుతుంది, p ఒక మెట్టు దిగుతుంది. పావు వంతు దగ్గర నిలబడి మనం వేసిన లెక్క అప్పుడు పావు వంతు దగ్గర నిలబడదు. రేటు మీద యజమానికి ఉండే జాగ్రత్త కంటే, కొనేవాడి పక్క నుంచి జారిపోయే సాక్ష్యం బరువెక్కువ.